తునికాకు తడి

మడత దగ్గర కాగితం తెగిన చప్పుడు చంద్రవ్వకు వినబడింది. అప్పడం కొస విరిగినంత చప్పుడు. కాశయ్య చెయ్యి ట్రంకుపెట్టె మీద ఉన్నదున్నట్టే ఆగిపోయింది.

అది చంద్రవ్వ భర్త కాశయ్య తండ్రి కొన్న చెరుకుచేను కాగితం. ఎకరం పది గుంటలు. ముప్పై ఏండ్ల కింద పటేలు ముందు కూర్చుని, సిరా పెన్నుతో తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా, అంటే చేతిరాత అమ్మకం కాగితం. అడుగున అమ్మినాయన వేలిముద్ర. రిజిస్ట్రీ లేదు, దానికి నకలు ఎక్కడా లేదు. రాసినవాడు పోయాడు. సాక్షులు పోయారు. అమ్మినాయన కూడా పోయాడు. ఆయన కొడుకు నర్సన్న మాత్రం ఉన్నాడు. మా బాపు కౌలుకిచ్చిండు గని అమ్మలేదు అంటున్నాడు. గురువారం మండలాఫీసులో విచారణ. అసలు కాగితం తెచ్చి చూపాలని నోటీసు వచ్చింది.

ఆ రోజు శుక్రవారం. వారం రోజులుగా ముసురు. ఎడపల్లి దిక్కు పొలాలన్నీ నీళ్ళలో ఉన్నాయి. ట్రంకుపెట్టె పెట్టిన మట్టిగోడ నడుము ఎత్తు దాకా చెమ్మగిల్లింది.

నాలుగు మడతల కాగితాన్ని కాశయ్య సగమే విప్పాడు. లోపల బెల్లపు చుక్కలు చిలికినట్టు గోధుమరంగు మచ్చలు. ఒక అంచున బూడిదరంగు చార. మూల ఒకటి ఊడి ఆయన అరచేతిలో పడింది. చిటికెన గోరంత.

"ముట్టకు," అన్నాడు కాశయ్య. చంద్రవ్వ ముట్టలేదు. ఆయన తనకే చెప్పుకున్నాడు.

అప్పుడే వచ్చిన ఆశన్న గడపలో నిలబడి తొంగిచూశాడు. కాశయ్యకు తమ్ముడు. బోధన్‌లో సైకిళ్ళ దుకాణం.

"గింత దానికి మొకం గట్ల పెట్టినవేందన్నా. సోమారం పొద్దుగూకకముందే వస్త. టేపు తెస్త. ఎనకా ముందు అంటిచ్చి పారేస్తే ఇంకో ముప్పయి ఏండ్లు కదలది."

"నీ సైకిల్ ట్యూబుకు పంచర్ ఏసినట్టా?"

"అవ్. నేనేసిన పంచర్ ఇప్పటిదాక ఊడలేదు, అడుగు ఎవలనన్న."

కాశయ్య ఊడిన ముక్కను లోపలే ఉంచి కాగితం మళ్ళీ మడిచి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మడిచేటప్పుడు ఇంకోసారి ఆ చప్పుడు వచ్చింది. తాళంచెవి ఎప్పటిలాగే దేవుని గూట్లో పెట్టాడు.

ఆ చప్పుడు చంద్రవ్వను వదల్లేదు. బీడీలు చుడుతుంటే వినబడింది. బియ్యం చెరుగుతుంటే వినబడింది. గురువారం ఆఫీసులో సారు కాగితం విప్పుతాడు. విప్పగానే నాలుగు ముక్కలవుతుంది. నర్సన్న నవ్వుతాడు. చేను పోతుంది.

పన్నెండేళ్ళప్పటి నుంచి ఆమె బీడీలు చుడుతోంది. ఎండిన తునికాకు సంగతి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఎండాకు కత్తెర కింద పెడితే పెటిల్లున విరుగుతుంది. తడిపి, తడిగోనెలో చుట్టి పెడితే తెల్లారేసరికి మెత్తగా, చెవి తమ్మెలాగ అవుతుంది. ఎటు మడిస్తే అటు మడుగుతుంది.

శనివారం పొద్దున కాశయ్య చేనుకు పోయాక ఆమె పెట్టె తాళం తీసింది. పాత ధోతి గుడ్డ తడిపి పిండి, అందులో కాగితం పెట్టి చుట్టింది. ఆకు కట్టల మధ్యన గోనెలో దాచింది. చెయ్యి అలవాటైన పని చేసినట్టే చేసింది.

ఆదివారం చూసింది. పైపొర మెత్తబడింది. లోపల ఇంకా బిరుసుగానే తోచింది. ఇంకొన్ని నీళ్ళు చిలకరించి మళ్ళీ చుట్టింది.

సోమవారం కాశయ్య చేనుకు పోగానే గుడ్డ విప్పింది. ముందు వాసన వచ్చింది. నానిన గోడ వాసన. కాగితం మెత్తగానే ఉంది. కానీ బూడిదరంగు చార ఉన్నచోట ఇప్పుడు నూగు లేచి ఉంది. ఎలుకపిల్ల వీపు మీది నూగులాంటిది. రెండు మడతలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. అంచున కనబడే అక్షరం నీలంగా పాకింది.

చంద్రవ్వ అక్కడే కూలబడింది. కొంగుతో ఆ నూగు తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. పొయ్యి దగ్గర పెడదామనుకుంది. నిప్పు చూస్తే భయమైంది. సాయంత్రానికి ఆశన్న టేపు తెస్తాడు. కాశయ్య పెట్టె తెరుస్తాడు.

అప్పుడు ఆమెకు బాలనర్సయ్య గుర్తొచ్చాడు. పుట్టింటి పక్కింటాయన. నిజామాబాద్‌లో ఒక గ్రంథాలయం వెనకగదిలో చినిగిన పుస్తకాలకు జిల్దులు కడతాడు. కాగితాన్ని గుడ్డతో సహా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచిని రొమ్ముకు ఆనించుకుని, వానలోనే బస్సెక్కింది. పక్కన కూర్చున్న ముసలామె "ఏందవ్వా, సంచిల పసిపిల్ల ఉన్నదా?" అని అడిగింది. చంద్రవ్వ సంచిని ఇంకా దగ్గరికి అదుముకుంది.

*

బాలనర్సయ్య కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, సంచి మూతి విప్పి చూశాడు. మళ్ళీ మూసి లేచాడు.

"లోపటికి తేకు చెల్లె. ఇక్కడ పుస్తకాలున్నయి. బయట అరుగు మీదికి పా."

"ఏమైతదన్నా?"

"బూజు. ఒకదాని నుంచి ఒకదానికి పోతది. నువ్వు ముక్కుకు కొంగు కట్టుకో. బీడీ దుమ్ముతోనే నీ పానం సగమైంది, ఇది కూడ ఎందుకు."

తన ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. అరుగు మీద చూరు కింద బల్ల వేసి తెల్లటి అద్దుడు కాగితం పరిచాడు. తడిగుడ్డ విప్పి కాగితాన్ని దాని మీదికి జార్చాడు. వేళ్ళతో పట్టి లేపలేదు.

"ప్లాస్టిక్ సంచిల పెట్టినవు. తడి ఎటు పోవాలె? తడిసిన ఇంటికి తలుపులు మూసినట్టే."

"ఎండల పెడదామా? జరంత తెరిపిచ్చింది."

"ఎండకు అప్పడం లెక్క వంకర్లు పోతది. సిరా ఎలిసిపోతది. నీడ, గాలి. అంతే."

చంద్రవ్వ కొంగు కొస తీసి నూగు మీదికి వంగింది. ఆయన ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

"తడి మీద తుడిస్తివా, బూజు కాయితం లోపటికి ఎక్కుతది. రంగు పడితే ఇగ పోదు. ఆరనియ్యి. ఆరినంక దుమ్మైతది. అప్పుడు మెత్తటి కుంచెతోని బయటికి దులుపుదాం."

"అతుక్కున్నయి గదన్నా. విప్పు జర. లోపటున్నదా, పోయిందా?"

ఆ మాట అడగడానికి ఆమెకు ఇంత దూరం పట్టింది. ఆయన పక్క నుంచి వంగి మడత లోపలికి చూశాడు.

"గుంజితే నాకు తెల్వదు, ఉంటదో ఊడతదో. గుంజకుంటే ఉంటది. గింత గింత ఆరుతుంటే అదే వదుల్తది. వదిలిన కాడికి తెల్లకాయితం దూరుస్త. రెండు దినాలు నా కాడ ఉండాలె."

"రెండు దినాలా?" అంది చంద్రవ్వ. "ఇయ్యాల పొద్దుగూకంగ పెట్టె తీస్తడన్నా. మరిది టేపు తెస్తున్నడు."

బాలనర్సయ్య లోపలికి పోయి ఒక లావాటి పుస్తకం తెచ్చాడు. అది పొడిదే. దూరం నుంచే తెరిచి చూపాడు. పేజీ నడుమ నిలువునా పసుపు చార. చార మీది టేపు ఎండి ఎప్పుడో ఊడిపోయింది. దాని బంక మాత్రం కాగితంలోకి దిగి నూనె మరకలాగ ముదిరింది. ఒకచోట టేపు ముక్క ఇంకా వేలాడుతోంది. దాని అడుగున ఐదారు అక్షరాలు తిరగబడి అంటుకుని ఉన్నాయి. పేజీలో అక్కడ తెల్లటి గీరు.

"పదేండ్ల కింద ఒక సారు ఏసిండు. మంచి మనసుతోనే. గీ అచ్చరాలు ఇప్పుడు టేపుకున్నయి, పుస్తకానికి లెవ్వు. నేను ఇన్నేండ్లసంది ఇది తియ్యలేకపోతున్న."

చంద్రవ్వ ఆ తిరగబడిన అక్షరాల దిక్కే చూసింది.

"నాది తప్పన్నా," అంది. "ఆకు తడిపినట్టు తడిపిన."

"తడికి కాయితం మెత్తబడుడు నిజమే. నీ అంచనా తప్పుగాదు. అయితే ఆకు తడి నువ్వు పొద్దుగాలనే కత్తిరిస్తవు. బూజున్న కాయితానికి తడి అంటే, నిద్రపోయే కుక్కకు బువ్వ పెట్టినట్టు." కాస్త ఆగి అన్నాడు. "ఇంటికి పోయి చెప్పు. పెట్టెల తక్కినయి ఏమున్నా తీసి నీడకు విడివిడిగ పరువు. ఒట్టి పెట్టెను ఎండ గొట్టినప్పుడు ఎండకు పెట్టు. గోడకు ఆనియ్యకు. ఇటికెల మీద పెట్టు."

"డాంబరుగోళీలు ఏసే ఉన్నయన్నా పెట్టెల."

"అవి పురుగుకు. బూజుకు కావు."

*

ఆశన్న టేపు చుట్ట అరచేతిలో ఎగరేస్తూ వచ్చాడు. కాశయ్య దేవుని గూట్లోంచి తాళంచెవి తీశాడు.

"పెట్టెల లేదు," అంది చంద్రవ్వ.

ఇద్దరూ ఆమె దిక్కు తిరిగారు. ఆమె చేటలోని ఆకు దిక్కు చూస్తూ మొత్తం చెప్పింది. తడిగుడ్డ, గోనె, నూగు, బస్సు. చెప్తుంటే కత్తెర ఆమె చేతిలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. చివరికి దాన్ని కింద పెట్టింది.

"వదినే," అన్నాడు ఆశన్న. టేపు చుట్ట జేబులో వేసుకున్నాడు.

కాశయ్య తాళంచెవి మళ్ళీ గూట్లో పెట్టాడు. బయటికి పోయి దొడ్డిలో ఎడ్లకు గడ్డి వేశాడు. ఉన్న గడ్డి మీదే ఇంకా వేశాడు. చంద్రవ్వ ఆయన వీపు చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. బువ్వ తిని, చేయి కడుక్కుంటూ ఒక్కటే అడిగాడు.

"ఏలిముద్ర కనవడ్డదా?"

"మడత ఇప్పలేదు. తెల్వదు."

కాశయ్య తలూపాడు. నీళ్ళ చెంబు కింద పెట్టబోయి ఒలకబోశాడు. ఈ ఇంటికి వచ్చిన పద్దెనిమిదేండ్లలో ఆయన చుక్క నీళ్ళు ఒలకబోయడం ఆమె చూడలేదు. అంతకు ముందున్న భయం ఒకటి, అది చూశాక పట్టిన భయం ఒకటి.

బుధవారం ఇద్దరూ కలిసి నిజామాబాద్ పోయారు. బస్సులో కిటికీ పక్కన ఆయన, ఇటు ఆమె. నడుమ ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ.

బాలనర్సయ్య కాగితాన్ని పుస్తకాలు లేని పక్కగదిలో ఉంచాడు. పంకా గోడ దిక్కు తిరుగుతోంది. బల్ల మీద కాగితం నాలుగు మడతలూ విప్పి పరిచి ఉంది. నూగు లేదు. ఆ చోట పలచటి బూడిద నీడ మిగిలింది. బెల్లపు చుక్కలు అలాగే ఉన్నాయి. ఒక మడత సగం దాకా తెగి, మిగతా సగం వెంట్రుకంత పట్టుతో నిలిచింది. ఊడిన మూల ముక్క చిన్న కాగితపు పొట్లంలో పక్కనే ఉంది.

"ఏలిముద్ర," అన్నాడు కాశయ్య.

"చూడు."

అడుగున నల్లటి వేలిముద్ర గీతలతో సహా ఉంది. చుట్టూ పసుపు వలయం.

"దీపం మసి, ఆముదం. ఆ దినం సిరాదిమ్మె దొరకలేదేమో మీవోళ్ళకు. మంచిగైంది. నీళ్ళకు కదలలేదు."

కాశయ్య ఊపిరి వదిలాడు. కానీ చంద్రవ్వ పై వరుసలు చూస్తోంది. సర్వే నంబరూ పక్క మాటలూ ఉన్న చోట నీలం పాకి మబ్బుపట్టింది. నంబరు నడిమి అంకె రెండా ఏడా తెలియడం లేదు. ఎదుటి మడత మీద కూడా ఒక నీలం మరక పడింది.

"గీ మరకలు తియ్యరాదా అన్నా? బ్లీచింగ్ తోనో దేనితోనో? గా గోధుమ చుక్కలు కూడ."

"చుక్కలు పాత కాయితానికి అయితయి. కొన్ని బూజువి, కొన్ని కాయితంలనే ఉన్న ఇనుప రజనువి. వాటితోని చదువుడు ఆగదు. మందు పోసి తీస్తే కాయితం ఇంకా పెళుసైతది. నువ్వు పాకించిన మరక కూడ ఉండనియ్యి. నేను ఏదీ కడగలేదు, ఏదీ అంటించలేదు. దీనికి ఏమైందో అది మొత్తం దీని మీద కనవడాలె."

కాగితాన్ని రెండు తెల్లకాగితాల నడుమ, వాటిని రెండు అట్టల నడుమ పెట్టి నాడాతో కట్టాడు.

"ఇగ మడవకుండ్రి. చేతుల పట్టి లేపకుండ్రి. అట్ట మీదనే చూపియ్యిండ్రి. గా తెగిన మడతకు పలచటి కాయితం, గంజి పెట్టి తర్వాత నేనే ఏస్త. తొందర పని కాదది."

*

గురువారం మండలాఫీసు వరండాలో నర్సన్న ముందే ఉన్నాడు. అట్టల కట్ట చూసి పక్కవాడితో అన్నాడు.

"చూడవయ్యా, పెండ్లి ఫోటో తెచ్చినట్టు తెచ్చిండ్రు."

లోపల తాసిల్దారు సారు బల్ల వెనక కూర్చున్నాడు. పక్కన గుమాస్తా. కాశయ్య అట్ట బల్ల మీద పెట్టి నాడా విప్పాడు. చంద్రవ్వ తలుపు దగ్గరే నిలబడింది.

నర్సన్న వంగి చూసి నెమ్మదిగా అన్నాడు. "సార్, నంబరు కాడ సిరా పోసి దిద్దిండ్రు. చూడుండ్రి మీరే. వేరే చేను కాయితానికి మా నంబరు పెట్టిండ్రు."

సారు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "కాశయ్యా, ఇదేంటి?"

కాశయ్య అట్ట మీది నాడా కొసలు సర్దాడు. తలుపు దిక్కు చూడలేదు. తన భార్య పేరు ఇక్కడ చెప్పడానికి ఆయనకు నోరు రావడం లేదని చంద్రవ్వకు అర్థమైంది.

గుమాస్తా కాగితాన్ని సారుకు అందించడానికి రెండు వేళ్ళతో ఎత్తాడు. వెంట్రుకంత పట్టు తెగింది. కింది సగం అట్ట మీదే ఉండిపోయింది, పై సగం అతని చేతికొచ్చింది. అదే చప్పుడు.

"అరె," అని గుమాస్తా సొరుగు లాగి టేపు చుట్ట బయటికి తీశాడు. గోటితో కొస లేపాడు. జర్రున జానెడు లాగాడు.

చంద్రవ్వ ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. బల్ల దగ్గర ఉంది. రెండు చేతులూ కాగితానికి పైన గొడుగులాగ పట్టింది. కాగితాన్ని తాకలేదు.

"టేపు వద్దు సారూ."

గదిలో అందరూ ఆమెను చూశారు. తునికాకు కత్తిరించి కత్తిరించి నల్లబడిన వేళ్ళు కాగితానికి అడ్డంగా నిలిచాయి.

"నువ్వెవరమ్మా?"

"ఈయన ఇంటిదాన్ని. గా మరక జేసింది నేనే. దిద్దలే. నాకు అచ్చరం రాయ రాదు. కాయితం ఇరుగుతదని తడిగుడ్డల చుట్టిన, బీడీ ఆకు చుట్టినట్టు. రెండు దినాలు. బూజు లేచింది. సిరా పాకింది. ఈయనకు తెల్వదు. జేలుల ఏస్తే నన్నెయ్యిండ్రి. టేపు ఏస్తే అచ్చరాలు ఊడి టేపుకు పోతయి సారూ. నేను చూసిన."

నర్సన్న నవ్వాడు. "బీడీ ఆకట. మంచిగ నేర్పిండ్రు సార్."

సారు నవ్వలేదు. టేపు లోపల పెట్టమని గుమాస్తాకు చేత్తో చెప్పాడు. లేచి, కాగితం ఎత్తకుండా, అట్టనే మెల్లగా కిటికీ వెలుతురుకు జరిపాడు. రెండు సగాలనూ మడత దగ్గర ఆనించాడు. చాలాసేపు చూశాడు. చంద్రవ్వ చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. దించుకోవాలని ఆమెకు తోచలేదు.

"ఎదుటి మడత మీద ఈ మరకేంటమ్మా?"

"రెండు మడతలు అతుక్కున్నయి సారూ. విప్పంగ అట్లనే ఉండె."

సారు గుమాస్తాను అడిగి అద్దం తెప్పించాడు. గోడకు తగిలించుకునే చిన్న అద్దం. దాన్ని ఆ మరక పక్కన నిలబెట్టాడు. మరకలో తిరగబడి ఉన్న మూడు అంకెలు అద్దంలో తిన్నగా నిలిచాయి. అసలు చోట మబ్బుపట్టిన నడిమి అంకె, ఇక్కడ కొక్కెంతో సహా రెండుగా కనబడింది.

"నర్సన్నా, ఇటు రా. చదువు."

నర్సన్న వంగాడు. అద్దంలో తన ముఖం, దాని కింద తన చేను నంబరు. వెనక్కి జరిగాడు.

"దిద్దితే దిద్దిన చోటే సిరా పాకుతుంది. ఇక్కడ పక్క మాటలు కూడా ఇంతే పాకాయి, అన్నిటి నీడా అవతల పడింది," అన్నాడు సారు. "ఇది తడిసిన కాగితం. దిద్దిన కాగితం కాదు. మీ నాన్న వేలిముద్ర వేరే కాగితం మీద ఏమన్నా ఉందా నీ దగ్గర?"

"చూడాలె సార్," అన్నాడు నర్సన్న. గొంతులో ఇందాకటి ఎగతాళి లేదు.

"పదిహేను రోజుల్లో తే. నిపుణుల చేత పోల్చిస్తాం. అప్పటిదాకా ఈ కాగితం వీళ్ళ దగ్గరే ఉంటుంది. ఫోటో తీయించి ఫైల్లో పెట్టండి. అసలుకి పిన్ను గుచ్చొద్దు." గుమాస్తా రాసుకున్నాడు.

చేను వాళ్ళదేనని ఆయన అనలేదు. కాదని కూడా అనలేదు.

వరండాలోకి వచ్చాక కాశయ్య అట్టల కట్టను చంద్రవ్వకు ఇచ్చాడు. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. తన తువ్వాల తీసి కట్ట మీద కప్పాడు. తువ్వాల తడిగా ఉందేమోనని వెంటనే మళ్ళీ తీసి, చెంపకు ఆనించి చూసుకున్నాడు. పొడిగానే ఉంది. కప్పాడు.

"వాన ఆగినంక పోదాం," అన్నాడు.

చంద్రవ్వ గోడకు ఆనకుండా నిలబడింది. గోడ చెమ్మగా ఉంది.